నిజంగానా? అదెలా? అంటే?

ఇంట్లో బియ్యం అయిపోతే పెద్దవాళ్ళు ‘అయిపోయాయి’ అనరు, ‘నిండుకున్నాయి’ అంటారు. డబ్బా ఖాళీ, మాట మాత్రం నిండు. ఈ వాక్యాన్ని ఫిగర్స్ ఆఫ్ స్పీచ్ పరీక్షలో ఇచ్చి ఇది ఆక్సిమొరానా, పారడాక్సా, హైపర్బొలీనా, యూఫెమిజమా అని అడిగితే, నిర్వచనాలన్నీ కంఠస్థం చేసిన పిల్లలు కూడా మొదటి రెండిట్లో ఏదో ఒకదానికి టిక్కు పెట్టే ప్రమాదం ఉంది. ఖాళీని నిండు అన్నారు, అది విరోధమే కదా అని వాళ్ళ వాదన. సరైన జవాబు యూఫెమిజం. ఆ మాట అన్న ఇల్లాలు విరోధంతో ఎవరినీ ఆశ్చర్యపరచాలనుకోలేదు. వంటింట్లో నిలబడి ‘లేవు’ అనే అశుభపు మాట నోట రానివ్వకూడదనుకుంది, అంతే.

ఈ నాలుగూ తారుమారు కావడానికి కారణం ఇక్కడే కనిపిస్తుంది. నాలుగిట్లోనూ మాట ఒకటి, ఉన్న సంగతి ఇంకొకటి. మాటకీ సంగతికీ మధ్య ఎడం ఉందని పసిగట్టగానే మనకు జవాబు దొరికినట్టు అనిపిస్తుంది. ఆ ఎడం ఎలాంటిదో, దాన్ని ఎందుకు పెట్టారో చూసేదాకా నిజానికి జవాబు దొరకదు.

దానికి నేను వాడే ఉపాయం చాలా మామూలుది. వాక్యాన్ని పక్కనున్న మనిషితో అన్నట్టు ఊహించుకోవాలి. విన్నవాడు వెంటనే ఏమని అడుగుతాడు? ‘నిజంగానా?’ అని అడిగితే అది చాలావరకు హైపర్బొలీ. ‘అదెలా?’ అని అడిగితే పారడాక్స్. కాస్త గొంతు తగ్గించి ‘అంటే?’ అని అడిగితే యూఫెమిజం. ఏమీ అడగకుండా ఆ రెండు మాటల దగ్గరే ఒక్క క్షణం ఆగి, అర్థమైందన్నట్టు తలూపితే ఆక్సిమొరాన్. ఇది శాస్త్రం కాదు, చిన్న చిట్కా. అయినా నిర్వచనాలకంటే ఎక్కువసార్లు దారి చూపిస్తుంది. అది ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ తడబడుతుందో చూద్దాం.

ముందు ఆక్సిమొరాన్. పొసగని రెండు మాటలు ఒకే పదబంధంలో పక్కపక్కన కూర్చోవాలి: బహిరంగ రహస్యం, సజీవ సమాధి, చెవులు చిల్లులు పడే నిశ్శబ్దం. ఇంగ్లీషు ప్రశ్నపత్రాల్లో తరచూ కనిపించే ఓపెన్ సీక్రెట్, డెఫెనింగ్ సైలెన్స్, బిట్టర్ స్వీట్ కూడా ఈ కోవలోవే. ఇక్కడ పిల్లలు చేసే పొరపాటు ఒకటుంది. వ్యతిరేక పదాల జంట కనిపిస్తే చాలు, ఆక్సిమొరాన్ అని రాసేస్తారు. ‘సుఖదుఃఖాలు’, ‘వెలుగునీడలు’, ‘పగలూ రాత్రీ పనిచేశాడు’ వంటివాటిలో వ్యతిరేక పదాలున్నాయి గాని ఆక్సిమొరాన్ లేదు. రెండూ విడివిడిగా తమ తమ చోట్లలో ఉన్నాయి, ఒకదాన్నొకటి తాకలేదు.

ఈ తేడా పట్టుకోవడానికి తెలుగు విద్యార్థి చేతిలో మంచి సాధనం ఉంది, సమాసం. జంట ద్వంద్వ సమాసంలా విడిపోతే, అంటే ‘సుఖమునూ దుఃఖమునూ’ అని మధ్యలో సముచ్చయం వస్తే, అది ఆక్సిమొరాన్ కాదు. అలాంటి జంటల్ని ఎదురెదురు వాక్యాల్లో తూకంగా నిలబెడితే ఇంగ్లీషువాళ్ళు యాంటిథెసిస్ అంటారు. జంటలో ఒక మాట రెండోదానికి విశేషణమై కూర్చుంటే, అంటే ‘బహిరంగమైన రహస్యం’ అని విడదీయగలిగితే, అప్పుడు ఆక్సిమొరాన్. ‘తీపిచేదులు’ అంటే రెండు రుచులు. ‘తీయని చేదు’ అంటే ఒకే రుచి, తనతో తానే గొడవపడుతున్న రుచి.

ఇంకో వల కూడా ఉంది. ‘చిన్న ఏనుగు’ ఆక్సిమొరాన్ కాదు. ఏనుగుల్లో చిన్నది ఉండొచ్చు, చిన్న అన్నది పోలికని బట్టి మారే మాట. ‘పాత వార్త’ కూడా అంతే, నిన్నటి పేపరు చూస్తే చాలు. నిజంగా ఢీకొనాలంటే రెండో మాట బతకడానికి అవసరమైన గుణాన్నే మొదటి మాట కొట్టెయ్యాలి. రహస్యం రహస్యంగా ఉండాలంటే నలుగురికీ తెలియకూడదు. ‘బహిరంగ’ అన్న మాట సరిగ్గా దాన్నే తీసేస్తుంది.

పారడాక్స్ విషయానికొస్తే, దాన్ని చాలామంది పెద్ద ఆక్సిమొరాన్ అనుకుంటారు. ఆక్సిమొరాన్ పదబంధం, పారడాక్స్ వాక్యం అని కొలత చెప్పే గైడు పుస్తకాలు తప్పు చెప్పడం లేదు గాని సగమే చెబుతున్నాయి. అసలు సంగతి విరోధం ఎలా విడిపోతుందన్నదే. ఆక్సిమొరాన్‌ని విప్పి చెప్పనక్కర్లేదు, ఆ అనుభూతి అక్కడికక్కడే తగులుతుంది. పారడాక్స్‌కి ఇంకో వాక్యం కావాలి, ‘ఎలాగంటే…’ అని మొదలయ్యే వాక్యం. ‘మా వీధిలో అందరికంటే తీరిక లేనివాడు పనిలేని సూరిబాబే’ అన్నామనుకోండి. అదెలా? ఎలాగంటే, పనిలేదని తెలిశాక వీధిలో ప్రతివాళ్ళూ తమ పని అతనికే చెబుతారు. మొదట అసాధ్యంగా తోచినది, విప్పి చూస్తే నిజంగా నిలిచింది. విప్పినా నిజం బయటికి రాకపోతే అది పారడాక్స్ కాదు, వట్టి అడ్డదిడ్డపు మాట.

డిగ్రీ స్థాయిలో ఇంగ్లీషు సాహిత్యం చదివేవాళ్ళకు ఇందులో ఒక మెలిక ఉంది. అమెరికన్ విమర్శకుడు క్లీయంత్ బ్రూక్స్ 1947లో ‘ది వెల్ రాట్ అర్న్’ అనే పుస్తకం తెచ్చాడు. కవిత్వపు భాషే పారడాక్స్ భాష అని అందులో వాదించాడు. ఆయన లెక్కలో పారడాక్స్ ఒక వాక్యంలో ఇరుక్కుని ఉండదు, కవిత మొత్తానికీ ఇరుసులా ఉంటుంది. అందుకే ఒక పద్యం మొత్తం ఇచ్చి ‘ఇందులోని పారడాక్స్ ఏది’ అని అడిగితే విరుద్ధ పదాల కోసం వెతుక్కోవద్దు. కవి ఏ రెండు నిజాలను ఒకేసారి నిలబెట్టాడో చూడాలి. ఆబ్జెక్టివ్ పరీక్షలో మాత్రం గీత గీసిన పదాల వరకే చూడాలి, బ్రూక్స్‌ని అక్కడికి తీసుకెళ్తే సమయం వృథా.

హైపర్బొలీ నాలుగిట్లోనూ సులువైనదని పేరు. అయినా అది పారడాక్స్ వేషం వేసుకుని వచ్చినప్పుడు మార్కులు పోతాయి. ‘మా అమ్మ రోజుకి ముప్ఫై గంటలు పనిచేస్తుంది’ అన్నది అసాధ్యమైన మాట. అసాధ్యం కాబట్టి పారడాక్స్ అనేద్దామా? ఈ వాక్యం తనతో తాను పోట్లాడటం లేదు, గడియారంతో పోట్లాడుతోంది. హైపర్బొలీ లోకంలోని వాస్తవంతో ఢీకొంటుంది, పారడాక్స్ తనలో తానే ఢీకొంటుంది. పైగా హైపర్బొలీని ‘ఎలాగంటే’ అని విప్పడానికి ఏమీ ఉండదు, కొలత తగ్గించి చెబితే చాలు. ముప్ఫై గంటలు తీసేసి ‘తెల్లవారుజాము నుంచి పొద్దుపోయేదాకా’ అని పెట్టండి, అర్థం చెక్కు చెదరలేదు. పేగులు మాడిపోవడం, పొట్ట చెక్కలవడం, వెయ్యిసార్లు చెప్పడం, అన్నీ ఇలా తగ్గింపుకు లొంగేవే.

తెలుగు మీడియం విద్యార్థికి ఇక్కడ మరో చిక్కు వస్తుంది. బడిలో హైపర్బొలీకి ‘అతిశయోక్తి’ అని నేర్పుతారు, ఆకాశాన్నంటే భవనాల ఉదాహరణకి అది సరిపోతుంది కూడా. కానీ అప్పయ్య దీక్షితుల ‘కువలయానందం’ తిరగేస్తే అతిశయోక్తికి అనేక భేదాలు కనిపిస్తాయి. వాటిలో రూపకాతిశయోక్తి అనేదానిలో ఉపమేయాన్ని అసలు చెప్పరు. ముఖం అనకుండా చంద్రుడు అనే చెబుతారు. ఇంగ్లీషు పరీక్షలో అది మెటఫర్ కిందికి వెళ్తుంది, హైపర్బొలీ కిందికి రాదు. అదే గ్రంథంలో ‘అత్యుక్తి’ అని వేరే అలంకారం ఉంది. శౌర్యాన్నీ దాతృత్వాన్నీ నమ్మలేనంత పెంచి వర్ణించడం దాని లక్షణం. హైపర్బొలీకి నిజమైన దగ్గర చుట్టం అదే. విరోధాభాస కూడా ఇలాంటిదే. అది ఆక్సిమొరాన్‌నీ పారడాక్స్‌నీ తన గొడుగు కింద పెట్టుకోగలదు. అయితే మన కావ్యాల్లో విరోధం తరచుగా శ్లేషతో విడిపోతుంది, అంటే ఒక పదానికి రెండో అర్థం తీసుకోగానే చిక్కు పోతుంది. ఇంగ్లీషు పారడాక్స్ ఎక్కువగా ఆలోచనతో విడిపోతుంది. కారణం లేకుండానే కార్యం పుట్టిందనే విభావన, కారణమున్నా కార్యం పుట్టలేదనే విశేషోక్తి, ఇవి రెండూ కూడా ఇంగ్లీషు ప్రశ్నపత్రంలోకి వస్తే చాలావరకు పారడాక్స్ గడిలోనే పడతాయి.

యూఫెమిజంకి మన అలంకారాల జాబితాలో సరిగ్గా సరిపోయే పేరు వెతకడం వృథా. దాని జాడ అలంకారాల్లో కాదు, దోషాల అధ్యాయంలో ఉంది. మమ్మటుడు ‘కావ్యప్రకాశం’లో అశ్లీల దోషాన్ని మూడు రకాలుగా చెప్పాడు: సిగ్గు కలిగించేది, ఏవగింపు కలిగించేది, అమంగళాన్ని సూచించేది. కవి ఏ మాటలు వాడకూడదో చెప్పిన జాబితా అది. దాన్ని తిరగేస్తే మనిషి ఏ మాటల్ని కప్పిపెట్టి చెబుతాడో తెలుస్తుంది. సిగ్గు వల్ల ‘నెల తప్పింది’ అంటాం. ఏవగింపు వల్ల ‘ఒంటికి, రెంటికి’ అని బడిపిల్లలు వేళ్ళు చూపిస్తారు. అమంగళం వల్ల వచ్చినవి తెలుగులో లెక్కలేనన్ని. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. మంగళసూత్రం తెగదు, పెరుగుతుంది. పెద్దవాళ్ళు చచ్చిపోరు, కాలం చేస్తారు. గుమ్మం దాటేటప్పుడు ‘వెళ్తాను’ అనకూడదు, ‘వెళ్ళొస్తాను’ అనాలి. మశూచికి ‘అమ్మవారు’ అని పేరు పెట్టడంలో భయమూ ఉంది, భక్తీ ఉంది.

వచనంలో, ముఖ్యంగా పత్రికల వచనంలో, నాలుగో కారణం కూడా కలుస్తుంది. అది సిగ్గూ కాదు, అమంగళమూ కాదు, బాధ్యత తప్పించుకోవడం. జార్జ్ ఆర్వెల్ 1946లో రాసిన ‘పాలిటిక్స్ అండ్ ది ఇంగ్లిష్ లాంగ్వేజ్’ వ్యాసం దీన్నే పట్టుకుంది. పల్లెల మీద బాంబులు వేసి, దానికి శాంతిస్థాపన అని పేరు పెట్టే రాజకీయ భాషను ఆయన ఎండగట్టాడు. మనకీ కొదవలేదు. బస్సు ఛార్జీలు పెరగవు, ‘సవరణ’ జరుగుతుంది. ఉద్యోగులను తీసేయరు, ‘సిబ్బంది సంఖ్యను హేతుబద్ధం’ చేస్తారు. పరీక్షలో గద్యభాగం ఇచ్చినప్పుడు యూఫెమిజం ఎక్కువగా ఇలాంటి ముతక ఆఫీసు మాటల్లో దాక్కుంటుంది. అలంకారం అనగానే అందమైన మాట కోసం వెతికేవాళ్ళకి అది కంటపడదు.

ఒక హెచ్చరిక. ఒకడి దొంగబుద్ధిని ‘కాస్త చేతివాటం ఉంది’ అంటే యూఫెమిజం. వాణ్నే చూపించి ‘ఆహా, హరిశ్చంద్రుడు!’ అంటే ఐరనీ. మొదటిది గాయం మీద గుడ్డ కప్పుతుంది, రెండోది గుడ్డ కప్పినట్టే కప్పి గిల్లుతుంది. మాట మెత్తగా ఉందా అని కాకుండా, వినేవాడికి నొప్పి తగ్గిందా పెరిగిందా అని చూడాలి.

ఇప్పుడు పరీక్షలో వచ్చేటట్టు ఒక గద్యభాగం తీసుకుందాం. ఇది ఈ వ్యాసం కోసం అల్లినది:

‘రామచంద్రయ్యగారి చేతికి ఎముక లేదని ఊరంతటికీ తెలుసు. ఆయనకి అప్పులున్నాయన్నది బహిరంగ రహస్యం. అయినా ఆయన అరుగు మీద కూర్చుని దారే పోయేవాళ్ళందరినీ భోజనానికి పిలుస్తూనే ఉండేవారు. లోపల భార్య మౌనం వీధి చివరిదాకా వినిపించేది. “పంచిపెట్టిందే నా గాదెలో ఉంది, దాచిందంతా ఎప్పుడో పోయింది” అనేవారాయన. పోయిన కార్తికంలో ఆయన దాటిపోయారు. ఆ రోజు ఊరు ఏడ్చిన ఏడుపుకి చెరువు అలుగు పారింది.’

బహిరంగ రహస్యం ఆక్సిమొరాన్, అది తేలిగ్గానే తేలిపోయింది. ‘పంచిపెట్టిందే నా గాదెలో ఉంది’ అనగానే ‘అదెలా?’ అనిపిస్తుంది. ఎలాగంటే, ఇచ్చినవాళ్ళ అభిమానం మిగిలింది, దాచిన ధాన్యం మాత్రం అప్పుల కిందకో ఎలుకలకో పోయింది. విప్పితే నిజం వచ్చింది, కాబట్టి పారడాక్స్. ‘దాటిపోయారు’ దగ్గర అడగాల్సింది ‘అంటే?’ అని. యూఫెమిజం. చెరువు అలుగు పారడం హైపర్బొలీ. ఇందులో విరోధమేమీ లేదు, కన్నీటికి నిజంగా నీరు కావడం చేతనవును. కొలత మాత్రం మితిమీరింది.

మొదటి వాక్యంలో ఉచ్చు ఉంది. ‘చేతికి ఎముక లేదు’ అన్నది దాతృత్వాన్ని పెంచి చెప్పే నుడికారం. అసాధ్యమైన మాట, అయినా తనలో తనకి విరోధం లేదు. నాలుగిట్లో ఒకటి ఎంచుకోమంటే హైపర్బొలీ దగ్గర పడుతుంది, ఇడియం అనే గడి కూడా ఉంటే అదే మేలు. మౌనం వినిపించిన వాక్యమే అన్నిటికంటే గట్టిది. గీత ‘మౌనం వినిపించేది’ కింద ఉంటే విరోధం ప్రధానం. అది వాక్యరూపంలో ఉంది, పైగా ‘ఎలాగంటే, ఆవిడ పలకకపోవడమే అందరికీ ఆవిడ కోపాన్ని చెప్పేసింది’ అని విప్పగలం. కాబట్టి పారడాక్స్. గీత ‘వీధి చివరిదాకా’ కింద ఉంటే హైపర్బొలీ. అదే భావాన్ని ‘హోరెత్తే మౌనం’ అని కుదిస్తే ఆక్సిమొరాన్ అయ్యేది. ఒకే ఆలోచన, మూడు రూపాలు, మూడు జవాబులు. గీత ఎక్కడ ఉందో చూడకుండా జవాబు రాయకూడదనేది ఇందుకే.

పద్యంలో పని ఇంకాస్త చిక్కు. ఇవీ అల్లిన పంక్తులే:

వేసవి వాన కురిసింది,
ఒక్కో చుక్కలో ఒక్కో సముద్రం దిగింది.
ఊరు తడిసిన కొద్దీ దాహం పెరిగింది.
మట్టి వాసనలో చల్లని
నిప్పు రాజుకుంది.
పెద్దమ్మ మాత్రం ఈ వాన చూడకుండానే
దీర్ఘనిద్రకు వెళ్ళింది.

చుక్కలో సముద్రం హైపర్బొలీ. కొందరు దీన్ని మెటఫర్ అంటారు. చుక్క సముద్రమని పోలుస్తున్నాడా, చుక్క పరిమాణాన్ని పెంచుతున్నాడా అని అడగాలి. ఇక్కడ పెంచడమే ఉంది. తడిసిన కొద్దీ దాహం పెరగడం పారడాక్స్: నీటి రుచి మళ్ళీ తెలిశాకే లేమి తెలుస్తుంది. ‘చల్లని నిప్పు’ ఆక్సిమొరాన్. పంక్తి విరుపు రెండు మాటల్నీ విడదీసింది కాబట్టి తొందరలో కన్ను దాన్ని దాటిపోతుంది. అందుకే పద్యాన్ని ఒకసారి విరుపులు పట్టించుకోకుండా వచనంలా చదువుకోవాలి. చివరిది యూఫెమిజం. అది మెటఫర్ కూడా, చావుని నిద్రతో పోల్చింది. రెండూ ఆప్షన్లుగా ఇస్తే ఏం చేయాలి? చాలా యూఫెమిజాలు తయారయ్యేదే మెటఫర్‌తో. పోలిక ఇటుక, మెత్తదనం కట్టడం. ప్రశ్న ‘కవి ఎందుకు ఇలా అన్నాడు’ అన్న ధోరణిలో ఉంటే యూఫెమిజం రాయాలి, ‘దేనితో పోల్చాడు’ అన్న ధోరణిలో ఉంటే మెటఫర్.

వివరించి రాయమన్న ప్రశ్నకి పేరొక్కటీ రాసి ఊరుకుంటే సగం మార్కులే. ‘ఊరు తడిసిన కొద్దీ దాహం పెరిగింది’ అన్న పంక్తికి జవాబు ఇలా ఉండొచ్చు: ‘ఇది పారడాక్స్. తడవడం దాహాన్ని తీర్చాలి గాని పెంచకూడదు కాబట్టి పంక్తి తనతో తానే విభేదిస్తున్నట్టు కనిపిస్తుంది. ఎన్నాళ్ళుగానో నీళ్ళు లేక ఎండిన ఊరికి తొలి వానతోనే తన లోటు ఎంతదో తెలిసివచ్చిందని ఆలోచిస్తే విరోధం పోతుంది. కరువు తీవ్రతను కవి కరువు అన్న మాట వాడకుండానే చెప్పగలిగాడు.’ నాలుగు వాక్యాలు. మొదటిది పేరు, రెండోది విరోధం, మూడోది దాని విడుపు, నాలుగోది ఆ పంక్తి సాధించినది. హైపర్బొలీ అయితే రెండో వాక్యంలో ఏ కొలత పెరిగిందో, యూఫెమిజం అయితే ఏ మాటని తప్పించారో రాయాలి. ఆక్సిమొరాన్‌కి మూడో వాక్యం కుదించేయొచ్చు, విడుపు కంటే అక్కడ తాకిడే ముఖ్యం.